ఒకే వూఫర్, రెండు డబ్బాలు

హైదరాబాద్ కోఠిలో, గుజరాతీ గల్లీలో ఆ 10 అంగుళాల వూఫర్ కొన్న రోజు నాకు బాస్ గురించి తెలిసింది ఒక్కటే: గాలి బయటికి పోకుండా మూసేసిన సీల్డ్ బాక్స్ అయితే గట్టిగా కొడుతుంది, పోర్ట్ అనే పైపు బిగించిన పోర్టెడ్ అయితే లోతుకు వెళ్తుంది కానీ లూజ్‌గా ఉంటుంది. అందరూ అదే చెప్తారు. ఆ మాటలో ఎంత నిజముందో నా చెవులతో నాకు తెలియడానికి నాలుగు నెలలు, రెండున్నర షీట్ల ఎండీఎఫ్ చెక్క పట్టింది.

వూఫర్‌తో వచ్చిన కాగితంలో మూడు అంకెలు ముఖ్యం. Fs 30 హెర్ట్జ్, అంటే డబ్బా లేకుండా గాల్లో ఉంచితే కోన్ సహజంగా ఊగే వేగం. Qts 0.40, ఊగుతున్న కోన్‌ను మాగ్నెట్, కోన్‌ను పట్టి ఉంచే సస్పెన్షన్ కలిసి ఎంత బాగా ఆపగలవో చెప్పే అంకె. ఎంత తక్కువుంటే అంత గట్టి పట్టు. Vas 70 లీటర్లు. ఇది కోన్ సస్పెన్షన్ ఎంత మెత్తనిదో చెప్తుంది: 70 లీటర్ల గాలి ఎంత స్ప్రింగ్‌లా పనిచేస్తుందో, ఈ సస్పెన్షన్ అంత స్ప్రింగ్ అన్నమాట. ఆస్ట్రేలియాలో థీల్ అనే ఇంజనీర్ 1961లో మొదలుపెట్టి, 1970ల మొదట్లో స్మాల్ అనే ఇంకో ఇంజనీర్ పూర్తి చేసిన లెక్కల పుణ్యాన, ఈ మూడింటితోనే డబ్బా సైజు కాగితం మీద తేలిపోతుంది.

ముందు సీల్డ్ చేశాను. లోపల 33 లీటర్లు, 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్. సీల్డ్ బాక్స్‌లో లోపలి గాలే స్ప్రింగ్. కోన్ లోపలికి వెళ్తే గాలి తోస్తుంది, బయటికొస్తే లాగుతుంది. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చుర్ ఏఆర్-1 స్పీకర్‌తో నిరూపించింది ఇదే: చిన్న డబ్బాలో బంధించిన గాలి, బిగుతైన సస్పెన్షన్ కంటే శుభ్రమైన స్ప్రింగ్ అని. కానీ ఆ స్ప్రింగ్‌కు ఖరీదుంది. గాల్లో 30 దగ్గర ఊగే కోన్, 33 లీటర్లలో పెట్టగానే 53 హెర్ట్జ్ దగ్గర ఊగుతుంది. అక్కడికి శబ్దం 3 డెసిబెల్స్ తగ్గి ఉంటుంది, ఆ కిందికి సగం ఫ్రీక్వెన్సీకి 12 డెసిబెల్స్ చొప్పున దిగిపోతుంది.

బిగించాక లీకేజీ చూశాను. ఫోన్‌లో టోన్ యాప్ పెట్టి 25 హెర్ట్జ్ మెల్లగా వాయిస్తూ, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట నడిపించాను. మూలల దగ్గర పొగ నిటారుగా లేచింది. వెనక వైర్ టెర్మినల్ దగ్గరికి రాగానే సన్నగా వణికి పక్కకు విరిగింది. కంటికి కనబడనంత సందు. సిలికాన్ పెట్టాక పొగ మళ్ళీ నిటారు.

పాటలు చాలా బాగా వినిపించాయి. మృదంగం తొప్పి వైపు దెబ్బ పడ్డచోటే ఆగేది, బాస్ గిటార్‌లో ఒక స్వరం తర్వాత ఇంకో స్వరం విడివిడిగా తెలిసేది. సినిమా పెడితే మాత్రం, పేలుడు సీన్లో గది ఊగాల్సిన చోట ఏదో తలుపు వేసినట్టు ఉండేది. లోతు లేదు.

ఇక్కడే తప్పు చేశాను. అదే డబ్బాకు ముందువైపు గుండ్రంగా కోసి, 4 అంగుళాల పీవీసీ పైపు 20 సెంటీమీటర్ల ముక్క దూర్చాను. పోర్ట్ పెడితే లోతు వస్తుందని కదా అంటారు. వచ్చింది లోతు కాదు, గుమ్ అనే ఒకే మోత. ఏ పాట పెట్టినా, బాస్ గిటార్ ఏ స్వరం వాయించినా అదే గుమ్ము. సినిమాలో భూకంపం సీన్ వచ్చేసరికి కోన్ టప్ టప్ మని కొట్టుకోవడం మొదలైంది. టెన్షన్‌తో వాల్యూమ్ తగ్గించి, మర్నాడు డబ్బాను ఆటోలో వేసుకుని, స్పీకర్లకు కోన్ మార్చే అన్న దగ్గరికి తీసుకెళ్ళాను. ముప్పై ఏళ్ళుగా మైక్‌సెట్ల వాళ్ళ స్పీకర్లన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్తాయి.

ఆయన పైపులోకి చెయ్యి పెట్టి చూసి, "తమ్మీ, డబ్బాకు బొక్క పెట్టుడు పోర్ట్ కాదు. దీని శృతి ఎక్కడుందో చూసినవా?" అన్నాడు.

చూడలేదు. ఆయనే చూపించాడు. యాంప్‌కు, స్పీకర్‌కు మధ్య 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, టోన్‌ను 20 నుంచి 100 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచుతూ, స్పీకర్ రెండు కొనల మీద ఏసీ వోల్టేజ్‌ను మల్టీమీటర్‌తో చదివాడు. సీల్డ్ బాక్స్ అయితే వోల్టేజ్ ఒకేచోట శిఖరంలా లేస్తుంది. పోర్టెడ్ అయితే రెండు శిఖరాలు, మధ్యలో ఒక లోయ. ఆ లోయే పోర్ట్ శృతి. నా డబ్బాకు అది 51 దగ్గర వచ్చింది. టోన్‌ను అక్కడే ఆపి, "ఇప్పుడు కోన్ మీద వేలు పెట్టు" అన్నాడు. కోన్ దాదాపు కదలడం లేదు. పైపు మూతి దగ్గర మాత్రం అరచేతికి గాలి ఫుక్ ఫుక్ మని తగులుతోంది. ఆ నిమిషంలో నాకు పోర్ట్ అంటే ఏమిటో అర్థమైంది. పైపులో ఉన్న గాలి ఒక బరువు, డబ్బాలో ఉన్న గాలి ఒక స్ప్రింగ్. రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర వాటంతటవే ఊగుతాయి. అక్కడ శబ్దం చేసేది పైపే, కోన్ విశ్రాంతిగా ఉంటుంది. ఆ కిందికి వెళ్తే ఆ స్ప్రింగ్ కోన్‌ను పట్టుకోదు, గాలి పైపులోంచి ఇటూ అటూ జారిపోతుంది. టప్ టప్ అన్నది అందుకే.

లెక్క ఇది. D పైపు లోపలి వ్యాసం, L పొడవు, రెండూ సెంటీమీటర్లలో, Vb లీటర్లలో, Fb హెర్ట్జ్‌లో.

```
Fb² = 23562.5 × D² / (Vb × (L + 0.73 × D))
```

D 10, L 20, Vb 33 వేస్తే సరిగ్గా 51 వస్తుంది. అదే డబ్బాను 30కి శృతి చేయాలంటే పైపు 72 సెంటీమీటర్లు ఉండాలి. అంత పైపు అందులో ఎక్కడ పడుతుంది? సన్నటి పైపు వేస్తే పొట్టిగా సరిపోతుంది కానీ, వాల్యూమ్ పెంచగానే గాలి బుస్సుమంటుంది. చిన్న డబ్బా, లావు పైపు, లోతైన శృతి, మూడూ ఒకచోట కుదరవు.

అందుకే రెండో డబ్బా. ఈ వూఫర్‌కు పోర్టెడ్ అయితే 65 లీటర్లు, శృతి 30 హెర్ట్జ్. సీల్డ్ కంటే రెట్టింపు. పైపు, వూఫర్ వెనక భాగం ఆక్రమించేది కలుపుకుని లోపల 36, 38, 51 సెంటీమీటర్లు పెట్టించాను; అంటే దాదాపు 70 లీటర్లు. పైపు లెక్కకు 33 సెంటీమీటర్లు వచ్చినా 36 కోయించాను. పొడుగుంటే కోసుకోవచ్చు, పొట్టిదైతే ఏం చేయలేం. కొలిస్తే లోయ 29 దగ్గర పడింది. సెంటీమీటర్ చొప్పున మూడుసార్లు కోసి 30కి తెచ్చాను. లోపలి గోడలకు మాత్రం పాలిస్టర్ దూది పలచగా అంటించి, పైపు లోపలి మూతి చుట్టూ ఖాళీ వదిలాను. సీల్డ్‌లోలాగా నిండా కుక్కితే పోర్ట్ పనే చేయదు. యాంప్‌లో 25 హెర్ట్జ్ కింద కోసేసే సబ్‌సోనిక్ ఫిల్టర్ ఆన్ చేశాను. పోర్టెడ్ బాక్స్‌కు అది లేకుండా సినిమా పెట్టొద్దు, కోన్ పాడవుతుంది.

మొదటి రాత్రి అదే భూకంపం సీన్ పెట్టాను. షెల్ఫ్‌లో స్టీలు గ్లాసులు సన్నగా మోగాయి, సోఫా కింద నేల కదిలినట్టయింది. 53 దగ్గర వంగిపోయే శబ్దం ఇప్పుడు 30 దాకా నిలబడింది.

మరి లూజ్ సంగతి? నేను భయపడినంత లేదు. పోర్ట్ అనేది ఊగే వస్తువు కాబట్టి, దెబ్బ ఆగాక కూడా తన శృతి దగ్గర కాస్తసేపు ఊగుతుంది. అది నిజమే. కానీ ఎక్కడ ఊగుతుందన్నదే అసలు విషయం. 51 దగ్గర ఊగితే అది బాస్ గిటార్ స్వరాల మధ్యలో పడి అన్నిటినీ పూసేస్తుంది. నాలుగు తీగల బాస్ గిటార్‌లో అతి కింది స్వరమే 41 హెర్ట్జ్. 30 దగ్గర ఊగితే మామూలు పాటలో దాన్ని కదిపే స్వరమే అరుదు. పోర్టెడ్ అంటే లూజ్ అన్న పేరు చాలావరకు నా మొదటి పైపులాంటి పైపుల వల్ల వచ్చిందే అని నా నమ్మకం.

అయినా కొంచెం మోత మిగిలింది. సీల్డ్ డబ్బాను మూలలో పెట్టినప్పుడు కూడా అదే చోట అదే మోత ఉండేదని అప్పుడు గుర్తొచ్చింది. టోన్ తిప్పితే 47 దగ్గర చెవులు నిండిపోతున్నాయి. నా గది పొడవు 12 అడుగులు. ధ్వని వేగాన్ని ఆ పొడవుకు రెట్టింపుతో భాగిస్తే వచ్చేది 47. అది డబ్బా మోత కాదు, గది మోత; ఇటుక గోడలు బాస్‌ను మింగవు, వెనక్కి కొడతాయి. వూఫర్‌ను నేను కూర్చునే చోట పెట్టి, అదే టోన్ వాయిస్తూ గోడల వెంట వంగి నడిచాను. పొడవు గోడ మధ్యకు దగ్గరలో మోత బాగా తగ్గింది. డబ్బా అక్కడికి మారింది.

తర్వాత ఒక ఆదివారం, పోర్ట్ మూతిలో మందపాటి స్పాంజ్ ముక్కను బిగుతుగా దూర్చి విన్నాను. 65 లీటర్ల సీల్డ్ బాక్స్ అయిందన్నమాట. కోన్ ఇప్పుడు 43 దగ్గర ఊగుతుంది, మొదటి సీల్డ్ డబ్బా కంటే గట్టి పట్టుతో, మెల్లగా దిగే వాలుతో. లెక్క ప్రకారం 30 హెర్ట్జ్ దగ్గర పోర్ట్ తెరిచి ఉంటే తగ్గుదల 3 డెసిబెల్స్, మూస్తే దాదాపు 9. కానీ పోర్టెడ్ వాలు సగం ఫ్రీక్వెన్సీకి 24 డెసిబెల్స్, నిట్టనిలువుగా పడుతుంది. ఫిల్టర్ లేకుండా చూస్తే 20 దగ్గరికి వచ్చేసరికి రెండూ సమానం, ఆ కింద సీల్డే పైచేయి. దానికి తోడు చిన్న గదిలో తలుపులు మూస్తే ఆ లోతైన ఫ్రీక్వెన్సీలకు గదే కొంత బలం ఇస్తుంది. అందుకే చిన్న గదిలో సీల్డ్, కాగితం మీద కనబడేదానికంటే లోతుగా వినిపిస్తుంది.

మృదంగం కచేరీ పెట్టుకుంటే స్పాంజ్ దూరుస్తాను, సినిమా రాత్రి తీసేస్తాను. అన్న ఒకసారి ఇంటికొచ్చి రెండు రకాలూ విన్నాడు. స్పాంజ్ ఉన్నప్పుడు కళ్ళు మూసుకుని చేత్తో తాళం వేశాడు. తీసేశాక పైపు మూతి దగ్గర అరచెయ్యి పెట్టి, "ఇప్పుడు శృతిలో ఉంది తమ్మీ" అన్నాడు.