కాంట్రాక్ట్ టు హైర్ మెయిల్ వస్తే రిక్రూటర్‌ను ఏం అడగాలి?

‘ఆరు నెలల కాంట్రాక్ట్ టు హైర్, గంటకు 65 డాలర్లు, రెజ్యూమె పంపండి.’ అమెరికాలో హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఇలాంటి మెయిల్ వస్తే, రేటు సంగతి కన్నా ముందు తేల్చుకోవాల్సింది పిటిషన్ సంగతి. కాంట్రాక్ట్ కాలంలో జీతం ఇచ్చేది ఏజెన్సీ అయితే ఐ-129 అనే హెచ్-1బి పిటిషన్ వేయాల్సిందీ ఏజెన్సీయే. తర్వాత క్లయింట్ పర్మనెంట్‌గా తీసుకుంటే వాళ్లు మళ్లీ ఇంకోటి వేయాలి. అంటే ఒకే ఉద్యోగానికి రెండు ట్రాన్స్‌ఫర్లు. ఒక్కో దానికి ముందు అమెరికా కార్మిక శాఖ సర్టిఫై చేసే ఎల్‌సీఏ కావాలి, అది సర్టిఫై కావడానికే 7 పనిదినాలు పడుతుంది. క్లయింట్ అసలు స్పాన్సర్ చేయని కంపెనీ అయితే ఆ ‘హైర్’ మీకు అక్కరకు రాదు. అది ఆరో నెలలో తెలిస్తే చాలా నష్టం.

అందుకే జవాబులో నాలుగు వివరాలు అడగండి. పే స్టబ్ మీద కనిపించే కంపెనీ చట్టబద్ధమైన పేరు, దాని ఎఫ్ఈఐఎన్ అనే పన్ను గుర్తింపు నంబరు. ఎండ్ క్లయింట్ పేరు, పని చేసే చోటు చిరునామా (ఎల్‌సీఏలో అదే రాయాలి). ఏజెన్సీకీ క్లయింటుకూ మధ్య ఇంకా ఎన్ని కంపెనీలున్నాయి. కన్వర్షన్, అంటే పర్మనెంట్‌గా తీసుకున్న తర్వాత క్లయింట్ హెచ్-1బి ట్రాన్స్‌ఫర్ చేస్తుందా. చివరిదానికి ‘సాధారణంగా చేస్తారు’ అని ఫోన్‌లో చెబితే సరిపోదు, మెయిల్‌లో రాయమనండి.

కొందరు క్లయింట్ పేరు చెప్పకుండానే, మీ రెజ్యూమె పంపే హక్కు తమకు ఇస్తున్నట్టు రైట్ టు రిప్రజెంట్ మెయిల్ ఇవ్వమంటారు. ఇవ్వకండి. అదే క్లయింటుకు మరో వెండర్ ఇప్పటికే మీ రెజ్యూమె పంపి ఉంటే డబుల్ సబ్మిషన్ కింద రెండూ పక్కన పడేయవచ్చు. పాస్‌పోర్ట్ కాపీ, సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఆఫర్ చేతికొచ్చాకే.

ఇక రేటు. 65ని 2,080 గంటలతో గుణిస్తే 1,35,200 డాలర్లు కనిపిస్తుంది. కానీ డబ్ల్యూ-2 గంటల లెక్కలో చాలాచోట్ల సెలవులకు జీతం ఉండదు. 10 పండగ రోజులు, 15 రోజుల సెలవు తీసేస్తే మిగిలేది 1,880 గంటలు, అంటే 1,22,200. హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియంలో ఏజెన్సీ వాటా ఎంతో తెలిస్తేగానీ ఇప్పటి జీతంతో పోల్చలేరు. కన్వర్షన్ జీతం ఏ శ్రేణిలో ఉంటుందో కూడా ఇప్పుడే అడగండి. ఆరు నెలలయ్యాక బేరమాడే బలం తగ్గుతుంది.

కన్వర్షన్ ఫీజు గురించీ ఒక మాట. నిర్ణీత గంటలు పూర్తికాకముందే తీసుకుంటే క్లయింట్ ఏజెన్సీకి ఫీజు కట్టేలా ఒప్పందాలుంటాయి. వారానికి 40 చొప్పున ఆరు నెలలంటే 1,040 గంటలు. మీ ఒప్పందంలో ఆ గడువు ఎంతో అడగండి. ఏడాది అని ఉంటే ‘ఆరు నెలల’ మాటను నమ్మి ప్లాన్లు వేసుకోకండి.