బోరు రిగ్గు లెక్కతో తెలిసివచ్చిన ఉత్పత్తి యూనిట్ల పద్ధతి

సీఏ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాక అకౌంటింగ్ పేపరుకు ఎలా చదివావని అడిగిన మిత్రులకు ఒక్క అంశం గురించే వివరంగా రాస్తున్నాను. తక్కినవన్నీ స్టడీ మెటీరియల్, పాత ప్రశ్నపత్రాలు, మాక్ టెస్టులతోనే గడిచాయి. వాటిలో కొత్తగా చెప్పేదేమీ లేదు. స్థిరాస్తుల అకౌంటింగ్ ప్రమాణమైన ఏఎస్ 10లో, యంత్రం చేసిన పనిని బట్టి తరుగుదల లెక్కించే ఉత్పత్తి యూనిట్ల పద్ధతిని మాత్రం చాలామంది సూత్రం కంఠస్థం చేసి వదిలేస్తారు, పరీక్షలో తడబడేదీ అక్కడే.

నాకు ఈ పద్ధతి బోరు వేసే రిగ్గుతో అర్థమైంది. ఎండాకాలంలో రిగ్గు రాత్రింబవళ్లు తిరుగుతుంది, వానలు బాగా పడితే షెడ్డులో నిలబడి ఉంటుంది. యజమాని కూలి అడిగేది అడుగుల లెక్కన, యంత్రం అరిగేదీ తవ్విన అడుగుల లెక్కన. అలాంటి యంత్రానికి స్థిర వాయిదాల పద్ధతిలో ఏటా ఒకే మొత్తం రాస్తే, పనిలేని సంవత్సరం అకారణంగా నష్టం, గిరాకీ ఉన్న సంవత్సరం లేనిపోని లాభం కనిపిస్తాయి.

నేను తయారుచేసుకున్న లెక్క ఇది. రిగ్గును అక్టోబరు 1న కొన్నారు. రవాణా, బిగింపు ఖర్చులు కలిపి, క్రెడిట్ తీసుకునే జీఎస్టీని కలపకుండా, దాని ఖరీదు రూ. 80,00,000. జీవితకాలం చివర అమ్మితే వస్తుందనుకునే అవశేష విలువ రూ. 8,00,000. జీవితకాలంలో 12,00,000 అడుగులు తవ్వుతుందని అంచనా. తరుగుదలకు అర్హమైన రూ. 72,00,000ను ఆ అడుగులతో భాగిస్తే అడుగుకు రూ. 6 వస్తుంది. మార్చి 31 నాటికి 90,000 అడుగులు తవ్వితే మొదటి ఏడాది తరుగుదల రూ. 5,40,000. ఆరు నెలలే వాడారు కదా అని దీన్ని సగం చేయకూడదు, ఎందుకంటే కాలం ప్రభావం అడుగుల సంఖ్యలోనే వచ్చేసింది. రెండో ఏడాది 2,10,000 అడుగులకు రూ. 12,60,000 పోగా పుస్తక విలువ రూ. 62,00,000 మిగిలింది.

మూడో ఏడాది మొదట్లో, తవ్వుతున్న ప్రాంతంలో గట్టి రాయి ఎక్కువగా తగులుతోందని, ఇక 6,00,000 అడుగులే సాధ్యమని ఇంజనీరు చెప్పాడనుకుందాం. మొత్తం 9,00,000 అడుగులే అవుతాయి కనుక అడుగుకు రూ. 8 పడుతుందని, గత 3,00,000 అడుగులకు తక్కువ పడిన రూ. 6,00,000 ఇప్పుడు రాయాలని తోస్తుంది. అది తప్పు. ఇది అంచనాలో మార్పు కనుక గతాన్ని కదిలించకుండా ముందుకే వర్తిస్తుంది. పుస్తక విలువ రూ. 62,00,000లో అవశేష విలువ తీసేస్తే మిగిలే రూ. 54,00,000ను 6,00,000తో భాగించాలి. కొత్త రేటు అడుగుకు రూ. 9. ఆ ఏడాది 1,00,000 అడుగులు తవ్వితే తరుగుదల రూ. 9,00,000, పుస్తక విలువ రూ. 53,00,000. అవశేష విలువను ఇక్కడ మళ్లీ తీసేయడం మరిచిపోవడంతోనే ఎక్కువ మార్కులు పోతాయి.

ఈ లెక్క చేసేటప్పుడే పద్ధతి పరిమితి కూడా తెలిసింది. మెత్తని నేలలో తవ్విన అడుగూ నల్లరాయిలో తవ్విన అడుగూ యంత్రాన్ని ఒకేలా అరగదీయవు. ఒక్కో చోట నేల ఒక్కోలా ఉంటే అడుగుల కన్నా ఇంజను నడిచిన గంటలు మెరుగైన కొలత కావచ్చు. వచ్చిన ఆదాయాన్ని కొలతగా తీసుకోవడం మాత్రం సరికాదని మరో అకౌంటింగ్ ప్రమాణమైన ఇండ్ ఏఎస్ 16 స్పష్టంగా చెబుతుంది, ఎందుకంటే అడుగు ధర పెరిగినంత మాత్రాన రిగ్గు ఎక్కువ అరగదు.

యంత్రం ఖాళీగా ఉంటే తరుగుదల ఆపరాదన్నది సాధారణ నియమం. వాడకాన్ని బట్టి లెక్కించే పద్ధతిలో మాత్రం ఉత్పత్తి లేనప్పుడు తరుగుదల సున్నా కావచ్చునని ప్రమాణమే అంగీకరిస్తుంది. అయితే షెడ్డులో ఏళ్ల తరబడి తుప్పు పట్టే యంత్రానికి ఈ సున్నా నిజం చెప్పదు. అక్కడ ఏఎస్ 28 ప్రకారం, ఆస్తి నుంచి రాబట్టగలిగే విలువ పుస్తక విలువ కన్నా పడిపోయిందా అని చూసే బలహీనత పరీక్ష చేయాలి, లేదా మొదటే కాలాన్ని బట్టి లెక్కించే పద్ధతి ఎంచుకోవాలి. కంపెనీల చట్టం షెడ్యూల్ 2 కూడా ఉపయోగ జీవితాన్ని సంవత్సరాల్లోనే కాకుండా, ఉత్పత్తి యూనిట్లలోనూ నిర్వచించింది.

ఐదు మార్కుల అంశానికి ఇంత సమయమా అని తోటివాళ్లు అన్నారు. అన్నవాళ్లే అంచనా మార్పు, ఖాళీ కాలం, బలహీనత అన్న మూడింటినీ వేర్వేరు అధ్యాయాలుగా మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వచ్చింది. ఆదాయపు పన్ను పేపరులో ఈ పద్ధతికి చోటు లేదు, అక్కడ సాధారణంగా ఒకే రకం, ఒకే రేటు ఆస్తులన్నీ కలిపిన బ్లాకులో ఏటా మిగిలిన విలువ మీద వేసే తగ్గుతున్న నిల్వల రేటే. 180 రోజుల లోపు వాడితే సగం రేటన్న నియమం అక్కడిది. దాన్ని తెచ్చి అకౌంటింగ్ లెక్కలో పెట్టేవాళ్లే పైన చెప్పిన రూ. 5,40,000ను రూ. 2,70,000గా రాసి వస్తారు.