ఒకే గది, ఒకే ఇంటర్నెట్ బిల్లు: సగం ఏడాది జీతం, సగం ఏడాది ఫ్రీలాన్స్

2024-25 ఆర్థిక సంవత్సరంలో సెప్టెంబరు దాకా ఇంటి నుంచే ఉద్యోగం చేశాను, అక్టోబరు నుంచి సొంతంగా సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్ మొదలుపెట్టాను. గది మారలేదు, నెట్ కనెక్షనూ మారలేదు. ఆదాయపన్ను రిటర్న్‌లో మాత్రం ఈ రెండు భాగాల లెక్కలకు పొంతనే లేదు.

ముందుగా చూడాల్సింది ఫారం 26AS, అంటే మన పేరు మీద ఎవరు ఎంత పన్ను ముందే కోశారో చూపే పట్టిక. అలా కోసిన పన్ను, అంటే టీడీఎస్, సెక్షన్ 192 కింద పడితే అది జీతం, సెక్షన్ 194J కింద పడితే వృత్తి ఆదాయం. మనల్ని కంపెనీవాళ్లు ఏమని పిలిచినా సరే, ఆదాయపన్ను శాఖకు మొదట కనిపించేది ఇదే.

జీతం వచ్చిన ఆరు నెలలకు నెట్, కరెంటు, కుర్చీ దేన్నీ రిటర్న్‌లో చూపించే వీల్లేదు. వాటన్నిటికీ బదులు బిల్లులతో పని లేకుండా జీతం నుంచి తీసేసే స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కటే ఉంటుంది: కొత్త పన్ను విధానంలో 75,000, పాత విధానంలో 50,000. నెట్ ఖర్చు తిరిగి రావాలంటే కంపెనీయే ఇవ్వాలి, అదీ బిల్లుల మీద. పేస్లిప్‌లో ‘ఇంటర్నెట్ అలవెన్స్’ అని నెలనెలా ఒకే మొత్తం వేస్తే అది జీతంలో కలిసిపోయి పన్ను పడుతుంది. అందుకే బిల్లులు ఏ నెలవి ఆ నెల పేరోల్‌కి పంపాలి. ఏడాది చివర్లో కంపెనీ ఇచ్చే జీతం, టీడీఎస్ పత్రం ఫారం 16 వచ్చాక వెతుక్కుంటే ప్రయోజనం లేదు.

అక్టోబరు నుంచి లెక్క వేరు. వృత్తికి వాడిన వాటా ఖర్చుగా చూపొచ్చు, కొత్త విధానంలోనూ. నెట్ బిల్లు నెలకు 1,180, ఆరు నెలలకు 7,080. పనికి 60 శాతం అనుకుంటే 4,248. అద్దె నెలకు 20,000. ఇల్లు 600 చదరపు అడుగులు, గది 150, అంటే నాలుగో వంతు: ఆరు నెలలకు 30,000. కరెంటులో అదే వాటా 3,000. నవంబరులో 60,000 పెట్టి కొన్న ల్యాప్‌టాప్ పూర్తిగా పనికే. కంప్యూటర్లకు తరుగుదల 40 శాతమైనా, ఆ ఏడాది వాడకం 180 రోజులకు తక్కువ కాబట్టి సగమే వస్తుంది: 12,000. మొత్తం 49,248.

నెట్ వంద శాతం రాసేసేవాళ్లు చాలామంది. ఇంట్లో టీవీ, ఫోన్లు అన్నీ దాని మీదే నడుస్తుంటే ఆ అంకె నిలవదు. వాటా ఎలా వేశామో ఒక కాగితం మీద రాసి బిల్లులతో పెట్టుకోవడం మేలు. సొంతిల్లయితే మనకు మనమే అద్దె కట్టుకున్నట్టు రాయడం కుదరదు.

ఇంత లెక్క వేశాక, ఖర్చులు విడిగా చూపకుండా లాభం అంచనాగా రాసే వీలిచ్చే సెక్షన్ 44ADA వైపు చూశాను. ఇంజినీరింగ్, సాంకేతిక కన్సల్టెన్సీ వంటి నిర్ణీత వృత్తులకే ఇది వర్తిస్తుంది. వచ్చిన ఫీజులో సగం లాభంగా చూపితే చాలు, మిగతా సగం ఖర్చే అన్నట్టు లెక్క. నా ఫీజు 4,00,000. అసలు ఖర్చులు రాస్తే లాభం 3,50,752; ఇక్కడ 2,00,000. కాకపోతే దీని పైన నెట్, అద్దె, తరుగుదల మళ్లీ తీసెయ్యకూడదు. జీతంతో పాటు ఇది చూపడానికి రిటర్న్ ఫారాల్లో ITR-4 సరిపోయింది. అసలు ఖర్చులు రాసి ఉంటే ITR-3 నింపాల్సి వచ్చేది.