కాలి వాసనకు రెండు నెలలు తప్పుడు మందు రాసుకున్నాను

నిన్న రాత్రి డ్యూటీ నుంచి వచ్చి గడప దగ్గర బూట్లు విప్పాను. మా చిన్నది అక్కడే కూర్చుని హోంవర్క్ చేసుకుంటోంది. లేచి లోపలికి పోలేదు. జులై తర్వాత ఇలా జరగడం ఇదే మొదటిసారి, అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

హన్మకొండలో ఒక గోదాం దగ్గర సెక్యూరిటీ గార్డుగా చేస్తున్నాను. 12 గంటల డ్యూటీ, నల్ల బూట్లు తప్పనిసరి. వానాకాలం మొదలయ్యాక బూట్లు తడవడం, ఆరకముందే పొద్దున మళ్లీ తొడుక్కోవడం రోజూ ఉన్నదే. జులైలో వాసన మొదలైంది. సాక్సు విప్పితే అరికాలు తెల్లగా, నానబెట్టిన అటుకుల్లా మెత్తగా ఉండేది. గోటితో గీకితే పొర లేచేది, జిగురుగా తగిలేది. దురద మాత్రం లేదు. ఈ దురద లేదన్న మాట గుర్తుంచుకోండి.

మెడికల్ షాపులో ఫంగస్ పౌడర్ ఇచ్చారు. పది రోజులు చల్లాను, ఏమీ తగ్గలేదు.

తర్వాత ఒక ప్రైవేటు క్లినిక్‌కు పోయాను. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ మనసు మండుతుంది. డ్యూటీ దిగి నేరుగా పోయాను, మా ఇంటామె కూడా వచ్చింది. అందరిలాగే బూట్లు బయట విడిచి బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఒక పెద్దమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రెండో బెంచీకి మారింది. కాసేపటికి కాంపౌండర్ వచ్చి, ఇరవై మంది వింటుండగా, "ఏందన్నా ఈ వాసన? కాళ్లు కడుక్కోవా నువ్వు?" అన్నాడు. రోజుకు రెండుసార్లు సబ్బుతో రుద్ది కడిగే మనిషిని. నోట మాట రాలేదు. మా ఇంటామె తల దించుకుని కూర్చుంది. నన్ను అన్నదానికంటే ఆమె అలా కూర్చోవడమే నాకు ఎక్కువ బాధైంది.

లోపల డాక్టర్ కుర్చీలోంచి లేవలేదు. కాలు ఎత్తి చూపించబోతే చేత్తో వద్దని సైగ చేసి, "ఫంగస్. క్రీమ్ రాస్తున్నా" అన్నాడు. "దురద లేదు సార్" అన్నాను. "డాక్టర్‌వి నువ్వా నేనా?" అన్నాడు. ఫీజు 400 రూపాయలు. కాలు చూడని మనిషి కాలి రోగానికి ఫీజు ఎట్లా తీసుకుంటాడో నాకు అర్థం కాదు. పేదవాడు కంపు కొడితే రోగం కాదు, అశుభ్రం అనుకుంటారు. అది పాపం.

ఆ క్రీమ్ ఆరు వారాలు రాశాను. వాసన అలాగే ఉంది, మడమ దగ్గర చర్మం పలచబడి నడిస్తే మంట మొదలైంది. ఆ ట్యూబులో స్టెరాయిడ్ కలిసి ఉందని తర్వాత తెలిసింది. ట్యూబు మీద క్లోబెటసాల్ లాంటి పేరు కనిపిస్తే, చర్మం డాక్టర్ కాలు చూసి చెబితే తప్ప రాయకండి.

చివరికి వీక్లీ ఆఫ్ రోజున ఎంజీఎంలో చర్మవ్యాధుల ఓపీకి పోయాను. లైన్ పెద్దది, మధ్యాహ్నమైంది. కానీ అక్కడి డాక్టరమ్మ గ్లౌజు వేసుకుని నా పాదాన్ని చేతిలోకి తీసుకుంది. తడి దూదితో అరికాలు తుడిచి, లైటు పక్కనుంచి వేసి, "ఇటు చూడన్నా" అంది. మడమ మీద, వేళ్ల కింది మెత్తటి భాగం మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు. కొన్ని రెండు మూడు కలిసి ఆవగింజ అంత వెడల్పైనాయి. మధ్యలో నేలకు ఆనని వంపు దగ్గర మాత్రం చర్మం నున్నగా ఉంది. బరువు పడి, బూటుకు రాసుకునే చోటే ఇది వస్తుందట. చర్మం తడిసి ఉబ్బినప్పుడు గుంటలు బాగా కనిపిస్తాయి, ఆరిన కాలు చూస్తే తప్పిపోతాయి. పొట్టు గీకి స్లైడ్ మీద చూస్తే ఫంగస్ లేదు.

దీని పేరు పిట్టెడ్ కెరటోలైసిస్. చర్మం మీద బతికే బ్యాక్టీరియానే, బూటులో చెమట, వేడి దొరికితే విపరీతంగా పెరుగుతుంది. చర్మం పైపొరలోని కెరటిన్‌ను కరిగించుకు తింటుంది, గుంటలు అందుకే. ఆ క్రమంలో గంధకం ఉన్న పదార్థాలు విడుదలవుతాయి, కుళ్ళిన ఉల్లిగడ్డ లాంటి ఆ కంపు వాటిదే. ఫంగస్ అయితే ఎక్కువగా వేళ్ల సందుల్లో మొదలై దురద పెడుతుంది. రెండూ కలిసి ఉండొచ్చు కూడా, అందుకే స్లైడ్ చూడాలి అంది.

మందు రెండే. క్లిండమైసిన్ 1 శాతం జెల్, పొద్దున, రాత్రి, కాలు కడిగి పూర్తిగా తుడిచాక. మంట తగ్గాక, చెమటకు అల్యూమినియం క్లోరైడ్ 20 శాతం లోషన్, రాత్రి పడుకునే ముందు రాసి పొద్దున కడిగేయాలి. మొదటి రాత్రి నేను కాళ్లు కడుక్కున్న వెంటనే లోషన్ రాశాను, పచ్చి పుండు మీద కారం పడ్డట్టు మండింది. తడి చర్మం మీద అది ఆమ్లంగా మారుతుంది. తర్వాతి రాత్రి నుంచి తువ్వాలతో తుడిచి, అరగంట ఫ్యాన్ కింద కూర్చుని రాశాను, మంట లేదు. జెల్ మూడు వారాలు, ఒక్క పూట తప్పలేదు. వారానికే వాసన సగం తగ్గింది, మూడో వారానికి గుంటలు పూడాయి. లోషన్ ఇప్పుడు వారానికి రెండు రాత్రులే.

సాక్సుల గురించి డాక్టర్ "మార్చుకో" అని మాత్రమే చెప్పింది. అసలు సంగతి చెప్పింది కొత్తవాడలో జంపఖానాలు నేసే మా మేనమామ. ఆయన నా నైలాన్ సాక్సు, కొత్తగా కొన్న కాటన్ సాక్సు రెండింటి మీద చెంచాడు నీళ్లు పోసి చూపించాడు. సన్నటి నైలాన్ మీద నీళ్లు పైనే జారాయి. "ఇది చెమట తాగదు, కాలి మీదనే ఉంటది. నూలు తాగుతది బిడ్డా, కానీ విడువదు. తాగి నిండినాక తడిగుడ్డ కట్టుకున్నట్టే" అన్నాడు. అది నిజం. కాటన్ మంచిదని ఊరుకుంటే 12 గంటల డ్యూటీలో ఆరో గంటకే అది నానిపోతుంది. అందుకే భోజనం వేళ కాళ్లు తుడిచి సాక్సులు మారుస్తున్నాను. తడివి ప్లాస్టిక్ కవర్లో కట్టి ఇంటికి తెస్తాను, ఇంట్లో వేడినీళ్లలో ఉతుకుతారు. చెమటను బయటికి లాగేసే క్రీడల సాక్సులు, ఉన్ని కలిసినవి ఇంకా మంచివి, కానీ జత ధర నాకు ఎక్కువైంది. రెండు జతల కాటన్‌తో నాకు సరిపోయింది.

బూట్లు మాత్రం రెండో జత కొనక తప్పలేదు. లోపల వార్తాపత్రిక కూరి ఒక రోజంతా ఆరబెట్టి, మరునాడు వేసుకుంటాను. తడి బూటులోకి మళ్లీ కాలు పెడితే ఏ జెల్ పని చేసినా కొన్ని రోజులకు తిరిగి వస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. షుగర్ ఉన్నవాళ్లు, కాలు ఎర్రబడి వాచినవాళ్లు, చీము పట్టినవాళ్లు ఇవేవీ ఇంట్లో ప్రయత్నించకుండా నేరుగా చూపించుకోండి. గుంటల్ని రాయితో గీకకండి, నేను గీకి రక్తం తెప్పించుకున్నాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం స్నానం తర్వాత, కాళ్లు ఇంకా తడిగా ఉండగానే, ఫోన్ లైటు పక్కనుంచి వేసి మడమ చూసుకుంటాను. మొన్న గోదాంలో కొత్తగా చేరిన తమ్ముడికి కూడా అలాగే చూపించాను. వాడి మడమ మీద మూడు గుంటలున్నాయి.