వికారం తప్ప మరే లక్షణమూ లేదు

జ్వరానికి మా బాబాయి రెండు రోజులపాటు రోజుకు 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్రలు ఆరు, వాటితోపాటు ఒక్కోదానిలో మరో 500 మిల్లీగ్రాముల పారాసిటమాలే ఉన్న జలుబు మాత్రలు మూడు వేసుకున్నారు (అట్ట వెనుక సన్నని అక్షరాలు ఎవరు చదువుతారు?). అంటే రోజుకు 5,400 మిల్లీగ్రాములు; ఆరోగ్యవంతులైన పెద్దలకు 24 గంటల్లో గరిష్ఠ పరిమితి 4,000 మాత్రమే, మద్యం అలవాటో కాలేయ జబ్బో ఉన్నవారికి అంతకన్నా తక్కువ.

వికారం తప్ప మరేమీ లేదని ఆయన ఆసుపత్రికి రానన్నారు. ఈ మందులో కొంత భాగం కాలేయంలో విషపదార్థంగా మారుతుందనీ, దాన్ని విరిచే గ్లూటాథయోన్ నిల్వలు అయిపోతే కణాలు చనిపోతాయనీ, మనిషి తేరుకున్నట్టు కనిపించే రెండో రోజునే ఆ నష్టం పెరగవచ్చనీ డాక్టరుగారు వివరించారు. రక్తపరీక్షలో కాలేయ ఎంజైములు పెరగడంతో వెంటనే ఎసిటైల్‌సిస్టీన్ ఎక్కించారు. ఒకేసారి అధిక మోతాదు మింగినవారికి 8 గంటల్లోపు ఇస్తే ఈ విరుగుడు కాలేయాన్ని దాదాపు పూర్తిగా కాపాడుతుంది, ఆలస్యమైనా ఇవ్వడం మానరు. కామెర్లు, మగత వచ్చేదాకా ఆగితే కాలేయ మార్పిడి దాకా వెళ్లవచ్చు.