తెల్లవారితే శుక్రవారం

చెల్లి పెళ్లికి ఇంకా పది రోజులు. ఈ రోజంతా ఫోన్ పట్టుకోవడంతోనే సరిపోయింది.

"ఫోన్లో పిలిస్తే పిలుపవుద్దేటి?" అని పొద్దున్నే నాన్న అడ్డుపడ్డారు. బొట్టు పెట్టి, కార్డు ఇచ్చి వచ్చిన వాళ్లకే పంపుతున్నానని, ఇది గుర్తు చేయడానికేనని చెప్పాక ఊరుకున్నారు.

మొదటి మెసేజ్ రెండు నెలల కిందట, హైదరాబాద్ వాళ్లకు మాత్రమే పంపాను. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది కదా. శ్రీకాకుళం రోడ్‌లో దిగాలని, ఆ స్టేషన్ ఆమదాలవలసలో ఉంటుందని, కారు పంపుతామని రాశాను. అంతా బాగానే ఉందనుకున్నాను.

ఈ రోజు రెండోది పంపాను. వంటాయనకు మూడు రోజుల ముందు లెక్క చెప్పాలి. కానీ "ఎంతమంది వస్తారు?" అని అడిగితే మన పెద్దమ్మలకు చురుక్కుమంటుంది. అందుకే ఇలా రాశాను: "మీకు గది ఉంచాలి. ఏ రైలుకు, ఎంతమంది దిగుతున్నారో ఆదివారంలోగా చెప్పండి." ఊళ్లో వాళ్లకు ఇది పంపలేదు. ఆ లెక్క నాన్న కళ్లతోనే వేసేస్తారు.

సాయంత్రం మామయ్య జవాబు చూసి గుండె జారిపోయింది. "గురువారం రాత్రి రైలెక్కి శుక్రవారం పొద్దున్నకి దిగుతాం." ముహూర్తం గురువారం రాత్రి 1:47కి! ఆయన దిగేసరికి అప్పగింతలు కూడా అయిపోతాయి. పిల్లని బుట్టలో తేవాల్సిన మేనమామ ఆయనే.

తప్పు నాదే. మొదటి మెసేజ్‌లో "శుక్రవారం 1:47" అని రాశాను. ఫోన్ లెక్కలో అర్ధరాత్రికి తేదీ మారుతుంది, పంచాంగం లెక్కలో తెల్లారాకే. కార్డులో "గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం" అని సరిగ్గానే ఉంది, చూసినవాళ్లు తక్కువ.

వెంటనే అందరికీ మళ్లీ పంపాను: "గురువారం రాత్రి 7:30కి భోజనాలు. అదే రాత్రి 1:47కి ముహూర్తం. గురువారం మధ్యాహ్నానికే శ్రీకాకుళంలో ఉండండి." భోజనం వేళ చెబితే ఎవరూ రోజు పొరబడరు. మూడు రోజుల ముందు పంపాల్సిన మండపం లొకేషన్, గురువారం పొద్దున పంపాల్సిన రెండు లైన్లు కూడా ఇదే పద్ధతిలో రాసిపెట్టుకున్నాను. సాయంత్రం ఏడు తర్వాత పంపితేనే చదువుతున్నారు. పొద్దున్న పంపితే గుడ్ మార్నింగ్ పువ్వుల కింద పడిపోతుంది. గురువారం నాటి దానికి మాత్రం తప్పదు.

ఇంకో తంటా. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపితే, నా నంబర్ సేవ్ చేసుకోని వాళ్లకు చేరదట. పదకొండు మందికి ఒకే టిక్కు. ఆ పేర్లు కాగితం మీద రాసిస్తే నాన్న ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నారు.

మామయ్య టికెట్ బుధవారానికి మార్చాం. వెయిటింగ్ లిస్టు 23. అది కదలకపోతే బస్సుకి వస్తానన్నారు.