పంటిలో పుట్టిన ఏడు

స్వీడన్‌లో దిగిన కొత్తలో నాకు ముందుగా అలవాటైంది పుట్టిన తేదీ చెప్పడం. ఇక్కడ ప్రతి మనిషికీ ఇచ్చే పర్సన్‌నుమ్మర్ పుట్టిన ఏడు, నెల, తేదీతోనే మొదలవుతుంది. బ్యాంకుకెళ్ళినా, మందుల షాపుకెళ్ళినా, అద్దెకి ఇల్లు వెతుక్కున్నా ముందు అదే అడుగుతారు. అలాంటి చోట ఎవరివో తెలియని ఎముకలు బయటపడితే పోలీసులకు మొదట కావలసింది కూడా అదే: ఈ మనిషి ఏ ఏట పుట్టాడు? అది తెలిస్తే కనిపించకుండాపోయినవాళ్ళ జాబితాలో వెతకాల్సిన పేర్లు బాగా తగ్గిపోతాయి.

నేను పనిచేసే ల్యాబ్‌లో రోజూ వచ్చేవి పాత కట్టెలు, బొగ్గు ముక్కలు, తవ్వకాల్లో దొరికిన ఎముకలు. వాటిలో కార్బన్-14, అంటే కాలంతోపాటు మెల్లగా నశించిపోయే ఒక రకం కార్బన్, ఎంతుందో కొలిచి ఎన్నాళ్ళనాటివో చెప్పడం మా పని. అప్పుడప్పుడు మాత్రం చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఒక పన్ను వస్తుంది. పంటి లెక్క పూర్తిగా వేరు. కట్టె విషయంలో కార్బన్-14 వేల ఏళ్ళలో ఎంత తరిగిందో చూస్తాం. పంటిలో చూసేది అణుబాంబులు వదిలిన గుర్తు.

1950ల నడుమ నుంచి 1963 దాకా అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ గాలిలోనే బాంబులు పేల్చి చూసుకున్నాయి. ఆ పేలుళ్ళలో పుట్టిన న్యూట్రాన్లు గాలిలోని నైట్రోజన్‌ను తాకి కార్బన్-14ను తయారుచేశాయి. బాంబులకు ముందున్న మోతాదును 1 అనుకుంటే, ఉత్తరార్ధగోళంలో 1963-64 నాటికి అది దాదాపు రెట్టింపయింది. 1963లో ఒప్పందం కుదిరి ఈ మూడు దేశాలూ గాలిలో పరీక్షలు మానేశాక మోతాదు ఏటేటా దిగుతూ వచ్చింది. కార్బన్-14 సగం కావడానికి 5,730 ఏళ్ళు పడుతుంది కాబట్టి ఈ దిగడం దానంతట అది నశించడం వల్ల కాదు. సముద్రాలు, చెట్లు పీల్చుకోవడం వల్ల, తర్వాత కార్బన్-14 లేని పెట్రోలు, బొగ్గు పొగ కలిసి పలచబడడం వల్ల.

గాలిలోది పంటలోకి, పంటలోది మన కంచంలోకి వస్తుంది. పన్ను తయారయ్యేటప్పుడు తిన్న తిండిలోని కార్బన్ ఎనామిల్‌లో చేరుతుంది. ఎముక జీవితాంతం కొద్దికొద్దిగా మారుతూనే ఉంటుంది కానీ, ఎనామిల్ ఒకసారి గట్టిపడ్డాక మళ్ళీ మారదు. మొదటి పెద్ద దవడ పంటి ఎనామిల్ దాదాపు మూడేళ్ళ వయసుకే పూర్తవుతుంది. జ్ఞానదంతానిదైతే పన్నెండు దాటాక. ఎనామిల్ ఏ ఏటిదో తేల్చి, ఆ పన్ను తయారయ్యే వయసును అందులోంచి తీసేస్తే పుట్టిన ఏడు. ఈ లెక్క నిలుస్తుందని 2005లో ఇక్కడి కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళే 22 మంది పళ్ళు 33 తీసుకుని చూపించారు. కొలతలు కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ల్యాబ్‌లో జరిగాయి. సగటు తేడా 1.6 ఏళ్ళు.

చెప్పడానికి సులువే, చేయడంలో అసలు పనంతా కడగడమే. ముందు వేరు భాగాన్ని కోసేసి పైభాగాన్ని గాఢమైన కాస్టిక్ సోడాలో వేసి అల్ట్రాసోనిక్ తొట్టెలో పెడతాం. లోపలి డెంటిన్ మెత్తబడుతుంది. దాన్ని గీకి, ద్రావణం మార్చి, మళ్ళీ పెడతాం. ఎనామిల్ పెంకు ఒక్కటే మిగిలేదాకా ఇదే వరస. డెంటిన్ కొంచెం మిగిలినా లెక్క పాడవుతుంది, దాని కార్బన్ వేరే కాలానిది కాబట్టి. ఇంకో చిక్కు కాస్టిక్ సోడాతోనే. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది, అంటే ఇవాళ్టి గాలి పంటి మీద పేరుకుంటుంది. అందుకే చివర్లో పలచటి యాసిడ్‌తో పైపొర కాస్త కరిగించేస్తాం. తర్వాత ఎనామిల్‌ను ఫాస్ఫోరిక్ యాసిడ్‌లో కరిగించి, వచ్చిన వాయువును ఇనప పొడి మీద గ్రాఫైట్‌గా మార్చి కార్బన్-14ను కొలిచే యంత్రానికి ఇస్తాం. ఎనామిల్‌లో కార్బన్ నూటికి 0.4 వంతే. వంద మిల్లీగ్రాముల ఎనామిల్ కరిగిస్తే చేతికొచ్చేది 0.4 మిల్లీగ్రాము. అంత తక్కువలో బయటి కార్బన్ కొద్దిగా కలిసినా ఏళ్ళు తారుమారవుతాయి. అదే బ్యాచ్‌లో కార్బన్-14 అసలే లేని పాత సున్నపురాయిని కూడా నడుపుతాం. అందులో ఏమైనా కనబడిందంటే ఎక్కడో గాలి చొరబడినట్టే.

అంకె వచ్చాక మొదలవుతుంది అసలు టెన్షన్. ఎనామిల్ 1.20 చూపించిందనుకోండి. గాలిలో ఆ మోతాదు రెండుసార్లు ఉంది: ఎక్కేటప్పుడు 1959 ప్రాంతంలో, దిగేటప్పుడు 1985-86 ప్రాంతంలో. అది మొదటి దవడ పన్నైతే మనిషి పుట్టింది 1957 దగ్గరైనా కావాలి, 1983 దగ్గరైనా కావాలి. అందుకే ఇంకో పన్ను అడుగుతాం. అదే మనిషి జ్ఞానదంతం 1.5 పైన ఉంటే పాతవాడు, 1.1 చుట్టూ ఉంటే కొత్తవాడు. ఒక్క పన్నే పంపి తేల్చమనే పోలీసులకు మేం ముందు చెప్పేది ఇదే.

నాకు బాగా నచ్చిన కేసు కెనడాది. 1968లో ఉత్తరాన ఒక నది ఒడ్డున చిన్న పిల్లవాడి పుర్రె దొరికింది. ఎవరో తేలలేదు. 2005లో కేసు తిరగదోడి, సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో పుర్రెను మళ్ళీ పరీక్షించారు. పళ్ళు, ఎముకలు ఎంతవరకు ఎదిగాయో చూస్తే చనిపోయేనాటికి వయసు సుమారు 4.4 ఏళ్ళు, ఒక ఏడాది అటూఇటూగా. రెండు పళ్ళ ఎనామిల్‌లోని కార్బన్-14 ప్రకారం పుట్టింది 1958, 1962 మధ్య. పుర్రె దొరికిందే 1968లో కాబట్టి దిగే వైపు ఏళ్ళతో ఇక్కడ పనే లేదు. ఈ రెండు అంకెలూ కలిపితే ఆ బిడ్డ చనిపోయింది 1960లలోనే అని తేలుతుంది. అక్కడినుంచి డీఎన్ఏ పని. మగపిల్లవాడని చెప్పింది, తల్లి వైపు బంధువుతో సరిపోయింది. పుర్రె దొరికిన 41 ఏళ్ళకు ఆ పిల్లవాడు ఎవరో చట్టప్రకారం ఖరారైంది. పన్ను పేరు చెప్పలేదు. ఏ కుటుంబం తలుపు తట్టినా తప్పులేదో చెప్పింది, అంతే.

అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఈ పనంతా విని, “సంతలో గేదెకి పళ్ళు పట్టి చూసినట్టా?” అంది. ఒక తేడా ఉందమ్మా అన్నాను. గేదె పళ్ళు చూసి వయసు చెబుతారు, అరిగితే ముసలిది. మనుషుల్లో అరుగుదల తిండిని బట్టి మారుతుంది, పెద్దవాళ్ళలో పదేళ్ళ తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు. కార్బన్-14కి అరుగుదలతో సంబంధం లేదు, నేరుగా సంవత్సరమే చెబుతుంది. “అయితే నాది చూడరా” అంది. స్కూల్ సర్టిఫికెట్‌లో 1956 ఉంది. అమ్మమ్మేమో 1958 అనేదట.

కుదరదని చెప్పాల్సొచ్చింది. పొరపాటు మామూలుగానే ఏడాదిన్నర దాకా ఉంటే, రెండేళ్ళ తగవు ఎలా తీరుతుంది? పైగా అమ్మ మొదటి దవడ పళ్ళు తయారైన కాలం మరీ ఇబ్బందైంది. 1958 చివర్లో మూడు దేశాలూ పరీక్షలు ఆపి, 1961 సెప్టెంబరులో సోవియట్ యూనియన్ మళ్ళీ మొదలుపెట్టేదాకా గాలిలో మోతాదు పెద్దగా పెరగలేదు. 1959 పన్నూ 1961 పన్నూ ఇంచుమించు ఒకేలా కనబడతాయి. ఇంకొకటి, మన తెలుగు నేల రుతుపవనాల మండలంలో ఉంది. వర్షాకాలంలో దక్షిణార్ధగోళపు గాలి వచ్చి కలుస్తుంది కాబట్టి అక్కడ శిఖరం స్వీడన్ గాలిలో ఉన్నంత ఎత్తుకి పోలేదు. 1960ల నడుమ గుంటూరులో పెరిగినవాళ్ళ పంటిని స్వీడన్ గ్రాఫ్ మీద పెట్టి చదివితే ఏడు జరిగిపోతుంది. ఇక్కడ దొరికిన గుర్తుతెలియని శవం ఏ దేశంలో పెరిగిందో తెలియనప్పుడు మాకూ ఇదే చిక్కు. ఆ కాలపు పంటికైతే రిపోర్టులో ఒక్క ఏడు రాయం, వెడల్పుగా ఒక అంచనా ఇస్తాం. 1970ల తర్వాత అన్ని ప్రాంతాల గాలీ దాదాపు కలిసిపోయింది గనక అప్పటి పళ్ళు నయం.

ఇప్పుడు పుడుతున్న పిల్లల విషయంలో ఈ పద్ధతి మళ్ళీ తడబడుతుంది. పెట్రోలు పొగ కలిసీ కలిసీ ఉత్తరార్ధగోళపు గాలి ఈమధ్యే బాంబులకు ముందున్న మోతాదుకి వచ్చేసింది. పంటిలో 1 కనబడితే అది 1950కి ముందుదా, 2020లదా అని కార్బన్-14 ఒక్కటే చెప్పలేదు. పంట్లో ఉన్న ఫిల్లింగ్ చూసి చెప్పాల్సి రావచ్చు.